చిట్టా పేజీ కింద 57,586: ఫొటో చూసి మొత్తం సరిచూసిన ఒక కేసు

నల్లగొండలో ఉండి చుట్టుపక్కల మండలాల దుకాణాలకు లెక్కలు చూస్తుంటాను. ఎరువుల షాపులు, కిరాణాలు, ఒకటి రెండు హార్డ్‌వేర్ దుకాణాలు. చాలామంది ఇప్పటికీ చిట్టా చేత్తోనే రాస్తారు, పేజీల ఫొటోలు తీసి నాకు పంపుతారు, నేను కూడి తప్పులుంటే చెప్పాలి. కూడడం ఏముంది, అంకెలు ఎక్కిస్తే కంప్యూటరే కూడుతుంది. అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. నాకొచ్చిన మొత్తం, పేజీ కింద సేటు రాసిన మొత్తం కలవవు. అప్పుడు తప్పు ఆయన కూడికలో ఉందా, నేను ఫొటోలో అంకెను వేరేగా చదివానా, లేక రెండూనా? ఇది తేల్చకుండా "సేటూ, మీ లెక్క తప్పింది" అని ఫోన్ చేయకూడదు. అలాగని మొత్తం కలిసేలా ఒక 1ని 7గా చదివేసుకుని ఊరుకోవడం అంతకన్నా పెద్ద తప్పు.

2024 వానాకాలంలో వచ్చిన ఒక పేజీ గురించి రాస్తున్నాను. ఒకే పేజీలో మూడు రకాల తప్పులు దొరికాయి, పైగా తప్పుదారి పట్టించే ఒక లెక్క చాలా అందంగా సరిపోయి కూర్చుంది. అందుకే ఈ పేజీని ఎంచుకున్నాను.

దుకాణం దేవరకొండ వైపు ఒక మండల కేంద్రంలో ఉంది. ఎరువులు, విత్తనాలు, పురుగుమందులు. అక్కడ ఎక్కువగా పత్తి వేస్తారు. రైతు జూన్, జూలైల్లో ఉద్దెరకు తీసుకెళ్లి పత్తి అమ్మాక కడతాడు. అంటే జూన్‌లో చిట్టాలో పడిన తప్పు ఐదారు నెలలు అలాగే ఉండి, డబ్బు కట్టే రోజు తగాదాగా బయటికొస్తుంది. రోజూ ఇచ్చిన ఉద్దెరంతా చిట్టాలో వరుసగా రాస్తారు, పేజీ నిండగానే మొత్తం వేసి తర్వాతి పేజీ మొదట్లో ఎక్కిస్తారు. తర్వాత ఒక్కో రైతు ఖాతాలోకి దించుతారు.

ఆ రోజు వచ్చిన పేజీ ఎడమవైపు పేజీ. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ ఫొటో నుంచి చదివేవాళ్లకు చాలా ముఖ్యం. రూపాయల గడి ఎప్పుడూ పేజీకి కుడి చివరన ఉంటుంది కదా, ఎడమ పేజీలో ఆ కుడి చివర సరిగ్గా పుస్తకం మడతలోకి వెళ్తుంది. అక్కడ కాగితం వంగుతుంది, నీడ పడుతుంది, అంకెలు ఒకదానికొకటి దగ్గరగా నొక్కుకుపోయినట్టు కనిపిస్తాయి. కుడి పేజీలో ఈ బాధ ఉండదు. అందుకే ఎడమ పేజీ వస్తే నా అనుమానం మొదటి నుంచే కాస్త ఎక్కువ ఉంటుంది.

చదివే పద్ధతి ఒకటి పెట్టుకున్నాను, దాన్ని తప్పను. ముందుగా పేజీ కింద ఉన్న మొత్తాన్ని ఫొటోలోంచి కత్తిరించేసి, మిగతా వరుసలే తెరమీద పెట్టుకుంటాను. మొత్తం కళ్లముందు ఉంటే కన్ను దానికి సరిపోయే అంకెనే చదువుతుంది, ఇది ఎవరికైనా జరిగేదే. వరుసలను పైనుంచి కిందికి ఒకసారి ఎక్కిస్తాను, తర్వాత వేరే గడిలో కిందినుంచి పైకి ఇంకోసారి. రెండు గడులు తేడా వచ్చిన చోట, లేదా చదివేటప్పుడే తటపటాయించిన చోట, ఆ వరుసకు పక్కన రెండు సాధ్యాలూ రాస్తాను. ఈ "అనుమానం" గడి పేజీ కింది మొత్తాన్ని చూడకముందే నిండాలి. తర్వాత దానికి కొత్త వరుసలు చేర్చాలనిపిస్తే, అది అనుమానం కాదు, సర్దుబాటు.

సేటు రాసినది, నా చదువు ప్రకారం, ఇది. అనుమానమున్న చోట రెండో సాధ్యం కూడా పెట్టాను.

| వరుస | సరుకు | నేను చదివింది | అనుమానం |
|---|---|---|---|
| – | గత పేజీ మొత్తం | 38,450 | |
| 1 | యూరియా 4 | 1,066 | |
| 2 | డీఏపీ 2 | 2,700 | |
| 3 | యూరియా 3 | 799.50 | |
| 4 | డీఏపీ 1, యూరియా 2 | 1,838 | |
| 5 | పురుగుమందు | 640 | 690? |
| 6 | పత్తి విత్తనాలు 2 | 1,728 | |
| 7 | యూరియా 5, డీఏపీ 2 | 4,032.50 | |
| 8 | కలుపు మందు | 780 | 180? |
| 9 | డీఏపీ 3 | 4,050 | |
| 10 | యూరియా 6 | 1,599 | |
| 11 | పురుగుమందు | 310 | 370? |
| 12 | యూరియా 2 | 533 | |

మూడో వరుస గురించి ఒక మాట. సేటు అక్కడ రాసింది 799-50. పైసల ముందు చుక్క పెట్టడం మన దుకాణాల్లో అరుదు, అడ్డగీత పెడతారు. ఆ గీత సన్నగా ఉండి ఫొటో మసకగా ఉంటే అది 79950 అయి కూర్చుంటుంది. అలాగే 640/- అని రాసినప్పుడు ఆ వాలుగీత 1 లాగా కనిపించి 6401 అవుతుంది. ఇలాంటివి పెద్ద తేడాలు కాబట్టి వెంటనే దొరికిపోతాయి, వాటితో భయం లేదు. భయమంతా 4, 9 మధ్య, 1, 7 మధ్య, 3, 8 మధ్య జరిగే చిన్న తేడాలతో.

ఎనిమిదో వరుస అనుమానం పేజీలోనే తీరింది. సేటు 7 రాసేటప్పుడు నడుమ చిన్న అడ్డగీత కొడతారు. రెండో వరుస 2,700లో, ఆరో వరుస 1,728లో అది స్పష్టంగా ఉంది. ఫొటోను పెద్దది చేసి చూస్తే ఎనిమిదో వరుసలో కూడా గీత ఉంది, కాబట్టి అది 780. ఒకే మనిషి ఒకే పేజీలో ఒక అంకెను ఎలా రాస్తాడో పోల్చి చూడడం కన్నా మంచి సాక్ష్యం ఫొటోలో ఇంకొకటి దొరకదు. కానీ పదకొండో వరుస దగ్గర ట్యూబ్‌లైట్ వెలుగు సరిగ్గా ఆ అంకె మీదే పడి తెల్లగా అయిపోయింది, గీత ఉందో లేదో తెలియదు. ఐదో వరుసలో 4 పైభాగం మడత నీడలో కలిసిపోయి మూసుకున్నట్టుంది, 9 కూడా కావచ్చు. ఆ రెండూ అనుమానంలోనే ఉండిపోయాయి.

షీట్‌లో అమరిక చాలా మామూలుది. యూరియా బస్తాలు B గడిలో, డీఏపీ C గడిలో, రూపాయలు D గడిలో. గత పేజీ మొత్తం D2లో, పన్నెండు వరుసలు D3 నుంచి D14 వరకు. సేటు రాసిన మొత్తాన్ని D16లో చివరగా ఎక్కిస్తాను.

```
D15:  =SUM(D2:D14)
D17:  =D15-D16
D18:  =MOD(ABS(D17),9)
E6:   =B6*266.5+C6*1350
```

D15లో 58,526 వచ్చింది. అప్పుడు కత్తిరించిన ముక్క తెరిచి చూస్తే పేజీ కింద 57,586 ఉంది. తేడా 940.

ఇక్కడ చాలామంది 940ని పట్టుకుని పేజీలో 940 కోసమో, దానిలో సగం 470 కోసమో వెతుకుతారు. వెతకడంలో తప్పులేదు. ఒక వరుసను కూడడం మర్చిపోతే తేడా ఆ వరుస అంతే ఉంటుంది, జమ చేయాల్సింది ఉద్దెరలో కలిపితే తేడా దానికి రెట్టింపు ఉంటుంది. కానీ ఈ పేజీలో 940 లేదు, 470 లేదు. తొమ్మిదితో భాగించినా పోదు. ఏ అర్థమూ లేని తేడా కనిపిస్తే నేను మొదట అనుకునేది ఒక్కటే: ఇక్కడ ఒక తప్పు లేదు, రెండున్నాయి, అవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

అందుకే తేడాను ఒకే సంఖ్యగా చూడకుండా రెండు మొత్తాలను ఒకదాని కింద ఒకటి పెట్టి స్థానం వారీగా చూస్తాను.

```
58,526
57,586
```

ఒకట్ల స్థానంలో రెండూ 6. పదుల స్థానంలో నాది 2, ఆయనది 8. వందల్లో రెండూ 5. వేలల్లో నాది 8, ఆయనది 7. అంటే పదుల దగ్గర నాకు ఆరు తక్కువ, వేల దగ్గర ఆయనకు ఒకటి తక్కువ. వెయ్యిలోంచి అరవై తీస్తే 940. ఇప్పుడు కథ రెండు ముక్కలైంది. అరవై నా చదువులో పోయి ఉండాలి, వెయ్యి ఆయన కూడికలో పోయి ఉండాలి. అనుమానం గడిలో చూస్తే పదకొండో వరుస 310, 370 మధ్య ఉంది, దాని తేడా సరిగ్గా అరవై. 370 పెడితే మొత్తం 58,586, తేడా నికరంగా 1,000. కూడేటప్పుడు చేతిలో అంకె ఒకటి తగ్గితే వచ్చే తేడా అదే.

ఇక్కడే సంతోషపడి ఫోన్ తీయబోయే ముందు, అనుమానమున్న ఇంకో వరుసను కూడా ఒకసారి మార్చి చూశాను. ఐదో వరుసను 690 చేసి, పదకొండును 310గానే ఉంచితే మొత్తం 58,576 వస్తుంది. సేటు రాసింది 57,586. రెండూ పక్కపక్కన పెట్టండి: వేల స్థానంలో 8, పదుల స్థానంలో 7 ఉన్నది, ఆయన రాసిన దాంట్లో 7, 8 అయింది. అంకెలు తారుమారయ్యాయి! తేడా 990, తొమ్మిదితో శుభ్రంగా పోతుంది. అంటే "సేటు సరిగ్గానే కూడారు, కాల్కులేటర్ చూసి పేజీలో దించేటప్పుడు అంకెలు అటూ ఇటూ అయ్యాయి" అనే కథ కూడా అంతే చక్కగా సరిపోయింది.

తొమ్మిది లెక్క తెలియనివాళ్ల కోసం కొంచెం ఆగుతాను. 83ని 38గా రాస్తే తేడా 45, 72ని 27గా రాస్తే తేడా 45, 54ని 45గా రాస్తే తేడా 9. రెండంకెలను తారుమారు చేసినప్పుడు తేడా ఎప్పుడూ తొమ్మిది ఎక్కంలోనే పడుతుంది, ఎందుకంటే పదుల స్థానం నుంచి ఒకట్ల స్థానానికి జారిన ప్రతి ఒక్కటీ పది పోయి ఒకటి అవుతుంది, అంటే తొమ్మిది తగ్గుతుంది. తేడాను తొమ్మిదితో భాగిస్తే వచ్చేది ఆ రెండంకెల మధ్య తేడా. ఒక సున్నా ఎక్కువ తక్కువ పడినా, 450ని 4,500 అని రాసినా, తేడా తొమ్మిదితోనే పోతుంది. కాబట్టి తొమ్మిదితో పోయే తేడా మంచి సూచన. కానీ సూచన మాత్రమే. ఏ కారణమూ లేకుండా ఊరికే తీసుకున్న సంఖ్యల్లో కూడా తొమ్మిదింటికొకటి తొమ్మిదితో పోతుంది.

కాబట్టి నా ముందు రెండు కథలున్నాయి. ఒకటి, పదకొండో వరుస 370, కూడికలో వెయ్యి పోయింది. రెండు, ఐదో వరుస 690, పదకొండు 310, మొత్తం దించేటప్పుడు అంకెలు మారాయి. మొదటిది ఎక్కువ నమ్మదగినదే, ఎందుకంటే తారుమారయ్యేవి మామూలుగా పక్కపక్క అంకెలు, మధ్యలో ఒకదాన్ని వదిలి అటూ ఇటూ మారడం అరుదు. అయినా ఇదంతా ఊహే. ఈ రెండు కథల్లో ఏది నిజమో 57,586 చెప్పలేదు, ఎందుకంటే రెండు కథలనూ నేను కల్పించిందే 57,586కు సరిపోయేలా. మొత్తాన్ని చూసి చదువును దిద్ది, ఆ చదువుతో మొత్తాన్ని తప్పుపడితే అది చక్రంలా తిరగడమే. బయటి సాక్ష్యం కావాలి.

సేటుకు ఫోన్ చేసి మూడు అడిగాను. ఐదు, పదకొండు వరుసల బిల్లు నకళ్లు, ఈ పేజీది ఇంకో ఫొటో, గత పేజీ అడుగుభాగం ఫొటో.

"అన్నా, టోటల్ నేను రెండుసార్లు కొట్టిన, మళ్ల గదే వచ్చింది" అన్నారాయన.

"కాల్కులేటర్ మీదనా సేటూ, చేత్తోనా?"

"చేత్తోనే. కాల్కులేటర్ పిల్లగాడు ఇంటికి పట్టుకపోయిండు."

ఈ ఒక్క మాటతో రెండో కథ సగం నీరుగారింది. కాల్కులేటర్ నుంచి దించలేదు, పేజీలోనే కూడి అక్కడే రాశారు, అంటే ఒక్కో స్థానం తేలగానే కింద వేసుకుంటూ పోతారు, చివర్లో అంకెలు తారుమారయ్యే అవకాశం దాదాపు లేదు. అయినా కాగితం చూడకుండా తీర్పు ఇవ్వలేదు.

ఫొటో ఎలా తీయాలో కూడా చెప్పాను. ఎడమ పేజీ అయితే పుస్తకాన్ని పూర్తిగా వెనక్కి తెరిచి, కుడి పేజీని బల్ల అంచు కిందికి వంచి, ఎడమ పేజీ చదునుగా పడేలా పెట్టాలి. పైన ట్యూబ్‌లైట్ ఉంటే ఫొటో తీసే మనిషి కాస్త పక్కకు జరిగి, వెలుగు అద్దంలో పడ్డట్టు పేజీలో మెరవకుండా చూడాలి, వీలైతే పగలు గుమ్మం దగ్గర తీయాలి. ఫ్లాష్ వద్దు. పేజీ నాలుగు మూలలూ కనిపించాలి, ఆ తర్వాత రూపాయల గడి ఒక్కటే దగ్గర్నుంచి ఇంకో ఫొటో. వాట్సాప్‌లో మామూలు ఫొటోలా కాకుండా డాక్యుమెంట్‌గా పంపాలి, ఫొటోలా పంపితే అది బొమ్మను కుదించేస్తుంది, పెద్దది చేసి చూస్తే అంకెల అంచులు చెరిగిపోయి ఉంటాయి.

కొత్త ఫొటోలో పదకొండో వరుస 7కి నడుమ గీత కనిపించింది. బిల్లు నకలులో 185 చొప్పున రెండు, 370. ఐదో వరుస బిల్లులో 320 చొప్పున రెండు, 640. అనుమానాలు తీరాయి. నా చదువు ప్రకారం పేజీ మొత్తం 58,586, ఆయన రాసింది 57,586, వెయ్యి తేడా ఖాయం.

కానీ ఆ వెయ్యి ఎక్కడ పోయిందో కూడా కొత్త ఫొటోలో దొరికింది, నాకు ఈ కేసులో బాగా నచ్చింది ఇదే. సేటు కూడేటప్పుడు చేతిలో అంకెలను మొత్తం గీత పైన పెన్సిల్‌తో చిన్నగా వేసుకుంటారు. మొదటి ఫొటోలో అవి నీడలో పోయాయి. కొత్తదాంట్లో కుడి నుంచి ఎడమకు 4, 6, 5, 2 అని ఉన్నాయి. నేను స్థానం వారీగా కూడి చూశాను. రెండు యాభై పైసలు కలిసి ఒక రూపాయి, దానితో కలిపి ఒకట్లు 46, ఆరు వేసి చేతిలో 4. పదులు ఆ నాలుగుతో కలిపి 68, ఎనిమిది వేసి చేతిలో 6. వందలు ఆ ఆరుతో కలిపి 65, ఐదు వేసి చేతిలో 6 ఉండాలి. సేటు అక్కడ 5 వేసుకున్నారు. 65లో ఐదును కింద వేశారు, ఆరుకు బదులు మళ్లీ అదే ఐదును పైన పెన్సిల్‌తో వేశారు. అక్కడినుంచి వేలు 28 కావాల్సింది 27 అయ్యాయి, ఏడు వేసి చేతిలో 2, ఆ తర్వాత అంతా సరిగ్గానే ఉంది.

రెండుసార్లు కూడినా అదే ఎందుకొచ్చిందో కూడా దీంతో అర్థమైంది. రెండోసారి కూడేటప్పుడు పెన్సిల్ అంకెలు అక్కడే ఉన్నాయి. వందల గడి కూడి 65 రాగానే కింద 5 కనిపించింది, సరే అనుకున్నారు, వేల గడికి వెళ్లి పైనున్న 5ను కలుపుకున్నారు. కూడికను సరిచూడాలంటే పెన్సిల్ అంకెలు చెరిపేసి కిందినుంచి పైకి కూడాలి. పైనుంచి 8, 1, 2 అని వచ్చే వరుసకు, కిందినుంచి 1, 4, 4 అని వచ్చే వరుసకు నోట్లో పలికే మొత్తాలు వేరు, కాబట్టి పాత తప్పు అలవాటుగా మళ్లీ రాదు.

సరే, కూడిక తేలింది. చాలామంది ఇక్కడ ఆపేస్తారు. కానీ మొత్తం కలవడం అంటే, రాసిన అంకెలను సరిగ్గా కూడారు అని మాత్రమే. ఆ అంకెలు సరైనవా కాదా అన్నది మొత్తానికి తెలియదు. ఎరువుల దుకాణం పేజీలో దీన్ని చూడడానికి ఒక మంచి దారి ఉంది: ధర బస్తా మీదే ముద్రించి ఉంటుంది. ఆ ఏడాది 45 కిలోల యూరియా బస్తా 266.50, 50 కిలోల డీఏపీ బస్తా 1,350, బీజీ-2 పత్తి విత్తనాల ప్యాకెట్ 864. ఈ పేజీలో పన్నెండు వరుసల్లో తొమ్మిదింటికి ఈ మూడు ధరలే చాలు. బస్తాల సంఖ్యను ధరతో గుణించి పక్క గడిలో పెడితే, ఎనిమిది వరుసలు పైసాతో సహా కలిశాయి. నాలుగోది కలవలేదు. డీఏపీ ఒకటి, యూరియా రెండు: 1,350, దానికి 533 కలిపితే 1,883. పేజీలో 1,838 ఉంది. తేడా 45, తొమ్మిది అయిదులు, 8కీ 3కీ మధ్య తేడా ఐదు. ఇక్కడ తొమ్మిది లెక్క తన పని సరిగ్గా చేసింది, ఎందుకంటే దానికి తోడుగా ధర అనే బయటి సాక్ష్యం ఉంది.

నా చదువులో 3, 8 తారుమారయ్యే అవకాశం లేదా అని అడగొచ్చు. అందుకే ఆ వరుసను పెద్దది చేసి చూశాను. 8 రెండు గుండ్రాలూ మూసి ఉన్నాయి, 3 తెరిచి ఉంది, రాసింది 1,838 అనడంలో సందేహం లేదు. తర్వాత బస్తాల సంఖ్య నిజమా అన్నది. సబ్సిడీ ఎరువు అమ్మినప్పుడు రైతు ఆధార్‌తో పాస్ మెషీన్‌లో కొట్టాలి కదా, ఆ రసీదులో డీఏపీ 1, యూరియా 2 అనే ఉంది. రైతుకిచ్చిన బిల్లు నకలులో మొత్తం 1,883 అనే ఉంది. బిల్లు సరిగ్గా రాసి, చిట్టాలోకి దించేటప్పుడు అంకెలు మారాయి.

చివరిది గత పేజీ మొత్తం. పేజీ మొదట్లో ఉన్న 38,450ను నేను ఎంత బాగా చదివినా, అది సరైనదని ఈ పేజీ చెప్పలేదు. గత పేజీ అడుగున ఏముందో చూడాలి. ఆ ఫొటోలో 38,540 ఉంది. గత పేజీ వరుసలన్నీ విడిగా కూడి చూస్తే కూడా 38,540యే. తేడా 90. ఇది కూడా పక్కపక్క అంకెల తారుమారే, ఈసారి పదులు, వందల మధ్య. పేజీ తిప్పి రాయడంలో ఒక్క క్షణం అంకెను మనసులో పెట్టుకోవాలి కదా, ఆ క్షణంలోనే జరుగుతుంది. నా అనుభవంలో చిట్టాల్లో ఎక్కువసార్లు తప్పు జరిగే చోటు ఇదే, ఎవరూ చూడని చోటు కూడా ఇదే, ఎందుకంటే జనం పేజీకి ఒక ఫొటో పంపుతారు, రెండు పేజీల మధ్య కీలును పంపరు. అందుకే ఇప్పుడు ఎవరికైనా ఒకే పేజీ చూసిపెట్టాలన్నా, దాని ముందు పేజీ అడుగుభాగం లేకుండా మొదలుపెట్టను.

మొత్తం కలిపితే: రాసిన అంకెల సరైన కూడిక 58,586, నాలుగో వరుసకు 45, గత పేజీకి 90 కలిపితే 58,721. పేజీలో ఉన్నది 57,586. తేడా 1,135, అంతా సేటుకు తగ్గిన వైపే.

అయితే ఈ 1,135 మొత్తం ఎవరో రైతు దగ్గర రావాల్సిన డబ్బు కాదు. ఇది సేటుకు విడమరిచి చెప్పాల్సి వచ్చింది. కూడికలో పోయిన వెయ్యి, పేజీ మార్పిడిలో పోయిన తొంభై, ఏ రైతు ఖాతాలోనూ తగ్గలేదు. ఖాతాల్లోకి దించేది ఒక్కో వరుసను, పేజీ మొత్తాన్ని కాదు. ఆ రెండు తప్పుల వల్ల జరిగేది ఏమిటంటే, సీజన్ చివర్లో రైతుల ఖాతాలన్నీ కూడితే వచ్చే బాకీ, చిట్టా చూపే బాకీ కలవవు. దాని కోసం రాత్రుళ్లు కూర్చుని వెతుక్కోవాలి. కానీ నాలుగో వరుస 45 మాత్రం నిజంగా ఒక రైతు ఖాతాలో తగ్గింది, ఎందుకంటే ఖాతాలోకి చిట్టా నుంచే 1,838 దించారు. అక్కడ ఖాతా దిద్దే ముందు ఆ రైతు దగ్గరున్న బిల్లు చూపించి చెప్పాలి. ఆయన చేతిలో ఉన్న కాగితంలో 1,883 ఉంది కాబట్టి ఆయనకు అభ్యంతరం ఉండదు. చెప్పకుండా దిద్దితే మాత్రం డిసెంబరులో, "అప్పుడు పద్దెనిమిది వందల ముప్పై ఎనిమిది అన్నవు, ఇప్పుడు పెంచినవ్" అనే మాట వస్తుంది, న్యాయంగా చూస్తే ఆ మాటలో తప్పు కూడా లేదు.

దిద్దడం గురించి కూడా చెప్పాను. 3 మీద 8 బరబరా దిద్దకూడదు. పాత అంకె కనిపించేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె, తేదీ, చిన్న సంతకం. మీద దిద్దిన అంకె తర్వాత ఫొటోలో 3గానూ 8గానూ కనిపించి మళ్లీ మొదటికి తెస్తుంది. పేజీ మొత్తం మారినందుకు ఆ తర్వాతి పేజీలన్నిటి మొత్తాలూ దిద్దక్కర్లేదు, ఇప్పుడు నడుస్తున్న పేజీలో "గత పేజీల సవరణ 1,135" అని ఒక వరుస వేసి, ఏ పేజీ, ఏ వరుస అన్నది పక్కన రాస్తే చాలు.

అదే పేజీలో రైతులు కట్టిన డబ్బు రాసే జమ గడి మొదటిసారే కలిసింది. అయినా గల్లాపెట్టె నగదుతో సరిచూడమన్నాను, ఎందుకంటే రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసినా మొత్తం కలుస్తుంది.

ఎనిమిదో వరుస కలుపు మందు 780 ఒక్కటి మిగిలింది. అంకె 780 అని 7 నడుమ గీత చెబుతోంది, అంతవరకు సరే. కానీ ధర ఎంత, ఎన్ని సీసాలు అన్నది పేజీలో రాయలేదు, బిల్లు నకలు దొరకలేదు. కాబట్టి నా షీట్‌లో ఆ వరుస పక్కన "చదివింది సరే, ధర చూడలేదు" అని అలాగే ఉంది, సేటుకు పంపిన కాగితంలో కూడా అదే రాశాను.